చేతికి రంగు అంటుకున్నాక ఫోన్ ఆపలేరు: మేకప్ షార్ట్‌లో వరస, షేడ్ చెప్పే తీరు

అద్దానికి ఆనించి పెట్టిన ఫోన్‌లో మేకప్ షార్ట్ నడుస్తోంది. చూస్తున్న అమ్మాయి ఉంగరపు వేలికి, కంటికింది నలుపును అణిచే ఆరెంజ్ కరెక్టర్ అంటి ఉంది, రెండో చేతిలో స్పాంజి ఉంది. కరెక్టర్ ఎక్కడిదాకా అద్దాలో చూసేలోపే తెరమీద బ్లష్ మొదలైపోయింది. వీడియో ఆపాలంటే వేలు తుడుచుకోవాలి. తుడుచుకుని వచ్చేసరికి కంటికింద పెట్టిన చుక్క అంచులు ఆరిపోయి గీతలా కనిపిస్తుంది. వంట వీడియో అయితే మంట తగ్గించి రెండు నిమిషాలు ఆగవచ్చు. ముఖం మీద రాసిన క్రీమ్ అలా ఆగదు. అందుకే మేకప్ షార్ట్ చేసేవాళ్ళు ముందుగా తేల్చుకోవాల్సింది ఏ లుక్ అన్నది కాదు, చేయి ఖాళీ లేని మనిషి దీన్ని ఎలా అందుకుంటుందన్నది.

ఆపకుండా చూసి చేసుకోవడమంటే 90 సెకన్లలో మేకప్ అయిపోవడం కాదు. పెళ్ళికి వెళ్ళేటంత మేకప్‌కు చేయి తిరిగినవాళ్ళకైనా పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. షార్ట్ తనంతట తానే మళ్ళీ మొదటికి వచ్చి తిరుగుతూ ఉంటుంది కాబట్టి, మొదటిసారి మొత్తం చూస్తారు, రెండోసారి తమ డబ్బాలోంచి సామాను తీసి వరసగా పెట్టుకుంటారు, మూడోసారి నుంచి చేయి కదులుతుంది. నిడివి లెక్క ఇక్కడే మారుతుంది. యూట్యూబ్ షార్ట్స్ 60 సెకన్లు దాటకూడదన్న హద్దు 2024 అక్టోబరు 15 నుంచి 3 నిమిషాలకు పెరిగింది. దాంతో నిదానంగా చెప్పవచ్చుననిపిస్తుంది. కానీ ఒక మెట్టు జారిపోయిన మనిషి అది మళ్ళీ తెరమీదికి వచ్చేదాకా దాదాపు ఒక చుట్టంతా ఆగాలి. చుట్టు 90 సెకన్లయితే క్రీమ్ ఇంకా చేతికి లొంగుతుంది. 3 నిమిషాలయితే చాలా ఫౌండేషన్లు ఆ పాటికి బిగిసిపోతాయి. పూర్తి ముఖానికి 75 నుంచి 90 సెకన్ల షార్ట్ సరిపోతుందనీ, అంతకు మించితే కళ్ళు ఒక షార్ట్, బేస్ ఒక షార్ట్ చేయడం మేలనీ అనడానికి కారణం ఇదే.

విషయం గాలిలో ఉండకుండా ఒక లుక్ పట్టుకుందాం. చామనఛాయ ముఖం, మెరూన్ అంచు మస్టర్డ్ పట్టుచీర, సాయంత్రం పెళ్ళి. కళ్ళకు రాగి మెరుపు, చివర్లో మెరూన్ నీడ, పెదవులకు మెరూన్ లిప్‌స్టిక్. తెలుగులో ఇలాంటి షార్టులు లెక్కలేనన్ని. వాటి కింద ఎక్కువగా కనిపించే ప్రశ్నలు రెండు: ‘ఏ షేడ్ అక్కా?’, ‘కళ్ళు ముందా, ఫౌండేషన్ ముందా?’

రెండో ప్రశ్నకు జవాబు ఇష్టాన్ని బట్టి ఉండదు, సామానును బట్టి ఉంటుంది. మెరూన్, ముదురు గోధుమ లాంటి పొడి ఐషాడోలు బ్రష్ మీంచి రాలుతాయి. ఆ ధూళి బుగ్గ మీద పడుతుంది. ఫౌండేషన్ అప్పటికే వేసి ఉంటే తుడిచినప్పుడు ఫౌండేషన్ కూడా లేచిపోయి, కంటికింద ఎర్రటి చార మిగులుతుంది. దానిమీద కన్సీలర్ ఎంత అద్దినా గులాబీ మరక కిందనుంచి తొంగిచూస్తుంది. కళ్ళు ముందు పూర్తి చేస్తే రాలిన పొడిని తడి దూదితో తుడిచి, శుభ్రమైన చర్మం మీద బేస్ మొదలుపెట్టవచ్చు. అదే లుక్‌లో పొడి షాడో బదులు క్రీమ్ స్టిక్ వాడితే, లేదా కాటుక మాత్రమే ఉంటే, రాలేదేమీ లేదు కాబట్టి బేస్ ముందు వేసినా ఇబ్బంది లేదు. చాలా షార్టులు ముదురు కళ్ళకు కూడా బేస్‌తోనే మొదలవుతాయి. మొదటి మూడు సెకన్లలో నున్నటి చర్మం కనిపిస్తే చూసేవాళ్ళు నిలుస్తారన్న లెక్క అది. ఆ మూడు సెకన్లలో పూర్తయిన ముఖాన్ని చూపించేస్తే ఆ అవసరం తీరుతుంది, వరసను చెడగొట్టనక్కరలేదు.

కళ్ళలోనూ ఒక వరస ఉంది. మ్యాట్ షేడ్లు ముందు, మెరుపు తరువాత. మెరుపు మీద మ్యాట్ పొడి పడితే రాగి కాస్తా మట్టిరంగుకు దిగిపోతుంది. బేస్‌లో వరసను నడిపించే సూత్రం ఇంకా సులువైనది: తడివన్నీ ముందు, పొడివన్నీ తరువాత. కరెక్టర్, ఫౌండేషన్, కన్సీలర్, క్రీమ్ బ్లష్ అయ్యాకే పౌడర్. పౌడర్ మీద క్రీమ్ బ్లష్ పెడితే అది జారదు, పెట్టినచోటే అతుక్కుని మచ్చలవుతుంది. రుద్దితే కింది ఫౌండేషన్‌ను కూడా ఊడదీస్తుంది. బ్లష్ పౌడర్ రకమైతే మాత్రం అది పౌడర్ తరువాతే రావాలి. చూసేవాళ్ళలో సగంమంది దగ్గర పౌడర్ బ్లషే ఉండవచ్చు. కానీ ఆ షరతును నోటితో చెబితే కథనం తెగుతుంది. తెరమీద ‘పౌడర్ బ్లష్ అయితే 7 తర్వాత’ అని రాస్తే చాలు. ఆ అంకె పనిచేయాలంటే మొదటి నుంచీ తెర పైమూలలో 1/9, 2/9 అని మెట్టు సంఖ్య కనబడుతూ ఉండాలి. మళ్ళీ చుట్టు తిరిగినప్పుడు తానెక్కడ ఉందో చూసేమనిషి వెతుక్కునేది ఆ అంకెనే.

వరసలో తరచూ కనిపించకుండా పోయేది ఆరే సమయం. సన్‌స్క్రీన్ రాసిన వెంటనే ఫౌండేషన్ రుద్దితే రెండూ కలిసి మట్టి నలిచినట్టు ఉండలు ఉండలుగా వస్తాయి. వీడియోలో ఆ ఐదు నిమిషాలూ కత్తిరించి ఉంటాయి కాబట్టి చూసేవాళ్ళకు అవి ఉన్నట్టే తెలియదు. ఉండలు వచ్చాక ఫౌండేషన్ మంచిది కాదనుకుంటారు. కత్తిరించినచోట తెరమీద ‘5 నిమిషాలు ఆగండి’ అని ఒక్క సెకను పెడితే సరిపోతుంది. కళ్ళు ముందు చేసే వరసలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. కళ్ళు దిద్దుకునేలోగా ముఖానికి రాసిన సన్‌స్క్రీన్ ఆరిపోతుంది, ఆగాల్సిన ఐదు నిమిషాలూ పనిలో కలిసిపోతాయి.

మాటల దగ్గరికి వస్తే తెలుగుకు ఒక చిక్కు, ఒక బలం రెండూ ఉన్నాయి. చిక్కేమిటంటే మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘కంటికింద ముక్కు పక్కన నల్లగా ఉన్నచోట మాత్రమే మినపగింజంత ఆరెంజ్ కరెక్టర్‌ను ఉంగరపు వేలితో మెల్లగా అద్దాలి’ అంటే, అద్దాలా రుద్దాలా అన్నది చివరి మాట దాకా తెలియదు. అప్పటికి చేయి కదిలిపోయి ఉంటుంది, బహుశా రుద్దేసి కూడా ఉంటుంది. ఈ వాక్యాన్ని మూడు ముక్కలు చేయాలి: ‘ఆరెంజ్ కరెక్టర్. మినపగింజంత. నల్లగా ఉన్నచోటే అద్దండి.’ ముందు వస్తువు పేరు, తరువాత ఎంత, ఆపైన ఎక్కడ, ఎలా. ఏ మెట్టులోనూ ఈ క్రమం మారకపోతే రెండో చుట్టుకే చెవి దానికి అలవాటు పడుతుంది. వస్తువు పేరు విన్నప్పుడు చేయి డబ్బాలోకి వెళుతుంది, కొలత విన్నప్పుడు వేలిమీదికి తీసుకుంటుంది, చివరి మాటకు ముఖం మీదికి వస్తుంది. మాట చేతికంటే ఒక్క అడుగు ముందు నడవాలి. చాలా షార్టుల్లో అడుగు వెనక నడుస్తుంది: బ్రష్ అప్పటికే కంటిమీద తిరుగుతుండగా ‘ఇప్పుడు నేను తీసుకుంటున్న షేడ్ ఏంటంటే’ అని మొదలవుతుంది.

బలం మన క్రియల్లో ఉంది. అద్దడం, రాయడం, రుద్దడం, పులమడం, దిద్దడం, ఒత్తడం: ఒక్కొక్కటీ వేరే చేయి కదలిక. కరెక్టర్ అద్దాలి, ఫౌండేషన్ చుక్కలు పెట్టి స్పాంజితో తట్టాలి, మెరుపు షాడోను వేలితో ఒత్తాలి, కాటుక దిద్దాలి. ఇన్ని మాటలు చేతిలో ఉండగా అన్నింటికీ ‘అప్లై చేసుకోండి’ అనేస్తే మాట ఖర్చవుతుంది గాని కదలిక తెలియదు. ‘బ్లెండ్ చేయండి’ అన్నది కూడా అంతే. కంటి మడత మీద బ్లెండ్ చేయడమంటే కారు అద్దం తుడిచే వైపర్‌లా అటూ ఇటూ తిప్పడం. బుగ్గ మీద బ్లెండ్ చేయడమంటే స్పాంజితో తట్టడం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఈ రెండింటినీ తారుమారు చేస్తారు. బుగ్గ మీద వైపర్‌లా తిప్పితే ఫౌండేషన్ చారలవుతుంది.

కొలతలకు కూడా వంటింటి గింజలు చక్కగా పనికొస్తాయి. ఆవగింజంత, మినపగింజంత, బఠాణీ గింజంత అంటే తెలుగింట్లో పెరిగిన ఎవరికీ వివరించనక్కరలేదు. ‘కొంచెం’ అన్నమాట మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో కొలత. దిక్కులు చెప్పేటప్పుడు ఎడమ, కుడి వదిలేయడం మంచిది. సెల్ఫీ కెమెరా బొమ్మను తిప్పి చూపిస్తుంది, చూసేమనిషి ముందేమో అద్దం ఉంది, దాంతో ఎవరి ఎడమ అన్నది తేలదు. ‘ముక్కు వైపు’, ‘చెవి వైపు’, ‘కనుబొమ్మ వైపు’ అంటే ఎటు తిప్పి చూసినా మారవు.

ఇక షేడ్. ఎక్కువ షార్టులు చిక్కుకునేది ఇక్కడే. డబ్బా మీద పేరు చదివితే షేడ్ చెప్పినట్టు కాదు. ఆ కంపెనీ లిప్‌స్టిక్ లేనివాళ్ళకు ఆ పేరు శబ్దం మాత్రమే. కోడ్లు ఇంకా తికమక పెడతాయి. మ్యాక్ ఫౌండేషన్లలో NC అన్న అక్షరాల్లో C కూల్ అనే మాటకు గుర్తు. అయినా NC షేడ్లు తయారైంది పసుపు, బంగారు ఛాయ ఉన్న చర్మానికి, అంటే మామూలుగా అందరూ వార్మ్ అనే చర్మానికి. అది తెలియక అక్షరాన్ని బట్టి ఎంచుకున్నవాళ్ళు వార్మ్‌కు గుర్తైన W ఉన్న NW వైపు వెళ్ళి, గులాబీ ఛాయ కలిసిన బేస్‌తో బయటికి వస్తారు. ఇక ‘న్యూడ్’ అన్నమాట. తెల్లటి చర్మం మీద న్యూడ్ అనిపించుకున్న లేత పీచు రంగు చామనఛాయ పెదవుల మీద పిండి అద్దినట్టు ఉంటుంది. ఆ ఒక్కమాట విని కొన్న లిప్‌స్టిక్కులు ఎన్నో డబ్బాల్లోనే ఉండిపోతాయి.

షేడ్ అర్థం కావాలంటే మూడు సంగతులు చెప్పాలి: ఎంత ముదురు, ఏ రంగు వైపు మొగ్గు, మెరుస్తుందా మెరవదా. మెరూన్ అంటే ఒకటి కాదు. ఒక మెరూన్ గోధుమ వైపు మొగ్గుతుంది, ఇటుకను తడిపినట్టు. ఇంకోటి నీలం వైపు మొగ్గుతుంది, నేరేడు పండు రసంలా. మస్టర్డ్ చీర పక్కన మొదటిది కలుస్తుంది. రెండోది పసుపు పక్కన మరింత నీలంగా కనిపించి పెదవులు చలికి కమిలినట్టుంటాయి. ‘మెరూన్ లిప్‌స్టిక్’ అని ఊరుకుంటే చూసేవాళ్ళలో సగంమంది నేరేడు వైపుది వేసుకుంటారు, వీడియోలోలా ఎందుకు రాలేదో వాళ్ళకు తెలియదు. ‘తడి ఇటుక రంగు మెరూన్, మ్యాట్. నేరేడు రంగు వద్దు’ అంటే ఎనిమిది మాటలు, నాలుగు సెకన్లు. వద్దన్నది కూడా చెప్పడం దండగ కాదు; చూసేవాళ్ళ దగ్గర తరచూ ఉండేది ఆ వద్దన్న షేడే.

పోలిక ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పోల్చే వస్తువు అందరింట్లో ఒకే రంగులో ఉండాలి. ‘బెల్లం రంగు’ వినడానికి బాగుంటుంది. కానీ ఒకరింట్లో బెల్లం తేనెలా లేతగా ఉంటుంది, ఇంకొకరింట్లో నల్లబెల్లం ఉంటుంది. కుంకుమా అంతే, ఒక డబ్బాలో రక్తం ఎరుపు, ఇంకో డబ్బాలో మెరూన్. చింతపండు కొత్తదైతే ఎర్ర గోధుమ, పాతదైతే నలుపు. గోరింటాకు రంగు చెప్పాలనిపిస్తే ఎన్నో రోజుదో కూడా చెప్పాలి, తీసిన వెంటనే నారింజలా ఉండి మర్నాటికి ముదురుతుంది కదా. దానిమ్మ గింజ, నేరేడు, పండిన బొప్పాయి, పాల టీ, ఫిల్టర్ కాఫీ డికాక్షన్ లాంటివి పెద్దగా మారవు. రాగి మెరుపు కావాలంటే ‘తోమిన రాగిచెంబు’ అనాలి, ఎందుకంటే తోమని చెంబు రంగు వేరు.

కొన్ని షేడ్లు మాత్రం ఏ వస్తువుతోనూ పోల్చకూడదు, చూసేమనిషి ముఖంతోనే పోల్చాలి. వీడియోలో ఉన్న ముఖానికి సరిపోయిన ఫౌండేషన్ చూసేమనిషికి సరిపోవాలని లేదు. అక్కడ షేడ్ పేరు కంటే కొలిచే పద్ధతి చెప్పడం మేలు: ‘దవడ అంచు మీద గీయండి, పది నిమిషాలాగి పగటి వెలుతురులో చూడండి, గీత కనబడకపోతే అదే మీ షేడ్.’ పది నిమిషాలెందుకంటే కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి, చర్మం నూనెతో కలిసి కాస్త ముదురుతాయి. మణికట్టు మీద గీసి చూసుకుంటే ముఖానికి కుదరదు, అక్కడి చర్మం ముఖంకంటే లేత. కంటి మడతలో వేసే గోధుమ షేడ్‌కు ‘మీ చర్మంకంటే రెండు మెట్లు ముదురు’ అంటే ఏ ఛాయవాళ్ళకైనా చెల్లుతుంది.

కరెక్టర్‌కు ఇలాంటి పోలిక లేకపోతే పెద్ద నష్టమే జరుగుతుంది. కంటికింది నలుపులో నీలం, ఊదా కలిసి ఉంటాయి. నారింజ నీలానికి ఎదురు రంగు కాబట్టి ఆ నీలాన్ని అణుస్తుంది. అది లేకుండా లేత కన్సీలర్ నేరుగా రాస్తే నీలం, తెలుపు కలిసి బూడిద పూసినట్టవుతుంది. చామనఛాయకు పండిన బొప్పాయి రంగు సరిపోతుంది. అంతకంటే తెల్లగా ఉన్నవాళ్ళకు అదే షేడ్ ఫౌండేషన్‌లోంచి నారింజ మచ్చలా బయటపడుతుంది, వాళ్ళకు లేత పీచు చాలు. నల్లటి చర్మానికి బొప్పాయి రంగు చాలదు, ఇంకా ఎరుపు కలిసిన ముదురు నారింజ కావాలి. ఈ మూడింటినీ నోటితో చెప్పే సమయం షార్ట్‌లో ఉండదు. మూడు ఛాయల చుక్కలు, వాటి పక్కన మూడు కరెక్టర్ చుక్కలు ఒకే ఫ్రేములో రెండు సెకన్లు చూపిస్తే పని జరుగుతుంది.

చూపించినప్పుడు కెమెరా అబద్ధమాడకూడదు. ఫోన్ వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే, మెరూన్ పాలెట్ లెన్స్ దగ్గరికి తేగానే దృశ్యమంతా ఎర్రబడిందనుకుని ఫోన్ రంగులను నీలం, పచ్చ వైపు లాగుతుంది. ఇటుక మెరూన్ రెండు సెకన్లపాటు నేరేడు మెరూన్‌లా కనిపిస్తుంది, సరిగ్గా షేడ్ చూపించే ఆ రెండు సెకన్లలోనే. ఐఫోన్‌లో తెర నొక్కి పట్టుకుంటే వచ్చే AE/AF LOCK వెలుతురును, ఫోకస్‌ను ఆపుతుంది గాని వైట్ బ్యాలెన్స్‌కు వేరే సెట్టింగ్ ఉంది, వీడియో రికార్డింగ్ సెట్టింగుల్లో. ఆండ్రాయిడ్‌లో ప్రో మోడ్ ఉన్న ఫోన్లలో దాన్ని చేత్తో పెట్టవచ్చు, పగటి కిటికీ వెలుతురుకు 5500K దగ్గర. అన్నిటికంటే చెడ్డది రెండు వెలుతురులు కలవడం: ఒక బుగ్గ మీద కిటికీ, ఇంకో బుగ్గ మీద పసుపు బల్బు. అప్పుడు ఒకే బ్లష్ రెండు రంగుల్లో కనిపిస్తుంది. బల్బు ఆర్పేయడమే మార్గం. షేడ్ గీతను ముంజేతి మీద గీసి పక్కన తెల్లకాగితం పెడితే, రంగు కాస్త తప్పినా చూసేవాళ్ళ కన్ను కాగితాన్ని చూసి సర్దుకుంటుంది. బ్యూటీ ఫిల్టర్ వేసి షేడ్ చెప్పడమైతే చూసేవాళ్ళను దారి తప్పించడమే; చాలా ఫిల్టర్లు చర్మాన్ని తెలుపు చేస్తాయి, పెదవులకు లేని గులాబీ కలుపుతాయి.

ఇప్పుడు మన పెళ్ళి లుక్‌ను 90 సెకన్లలో పేర్చి చూద్దాం. తెలుగులో తొందర లేకుండా మాట్లాడితే నిమిషానికి నూట పది మాటల దాకా పడతాయి. చేయి కదలికను చూడనిచ్చే నిశ్శబ్దాలు తీసేస్తే 90 సెకన్లకు నూట ఇరవై మాటలు మించకూడదు. మెట్లు తొమ్మిది.

మొదటి 4 సెకన్లు పూర్తయిన ముఖం, ‘చామనఛాయ, మస్టర్డ్ చీర, సాయంత్రం పెళ్ళి’ అన్న మాటలు. తరువాత 6 సెకన్లు సామాను: వాడబోయే వస్తువులను వాడే వరసలోనే ఎడమనుంచి కుడికి పేర్చి పైనుంచి తీసిన ఒక్క షాట్. రెండో చుట్టులో చూసేమనిషి తన డబ్బా తెరిచేది ఈ షాట్ దగ్గరే. తెరమీద ‘సన్‌స్క్రీన్ ముందే రాశాం’ అని ఉంటుంది. పెదవులకు లిప్‌బామ్ కూడా ఇక్కడే, చివర్లో తుడిచేందుకు.

10 నుంచి 34 సెకన్ల దాకా కళ్ళు. మూడు మెట్లకు 24 సెకన్లు ఇవ్వడం ఎక్కువనిపించవచ్చు. కానీ తప్పు జరిగేది ఇక్కడే. ‘ఇటుక గోధుమ, మీ చర్మంకంటే రెండు మెట్లు ముదురు. బ్రష్ ఒక్కసారి తాకించి దులపండి. కంటి మడత మీద వైపర్‌లా.’ ఇక్కడ వీడియో వేగం పెంచకూడదు. మొదటి నాలుగు కదలికలు అసలు వేగంలోనే కనిపించాలి, బ్రష్ వెంట్రుకలు ఎంత వంగుతున్నాయో చూస్తేనే ఎంత ఒత్తాలో తెలుస్తుంది. ఆ తరువాత రెండింతల వేగంతో నడపవచ్చు. ‘మెరూన్, మ్యాట్. చెవి వైపు మూలలోనే.’ ఆపైన ‘తోమిన రాగి మెరుపు. వేలితో రెప్ప మధ్యలో ఒత్తండి.’ పొడి బ్రష్‌తో వేస్తే మెరుపు రాలిపోతుంది, వేలి వేడికి, ఒత్తిడికి అది పట్టుకుంటుంది. రెండో కన్ను కట్ చేసినా నష్టం లేదు, ఒక కన్ను పూర్తయి రెండోది ఖాళీగా ఉన్న షాట్ ఒక్క సెకను ఉంటే తేడా కళ్ళకు కట్టినట్టుంటుంది. రాలిన పొడిని దూదితో తుడవడం కూడా కనిపించాలి.

34 నుంచి 60 దాకా తడి బేస్, ఎక్కడా తెగకుండా. ‘బొప్పాయి రంగు కరెక్టర్. కంటికి ఒక మినపగింజంత. నల్లగా ఉన్నచోటే అద్దండి.’ తరువాత ఫౌండేషన్, బఠాణీ గింజంతలు రెండు, ముఖం మధ్యనుంచి బయటికి తట్టడం. కరెక్టర్ మీద మాత్రం లాగకూడదు, లాగితే నారింజ బుగ్గ దాకా పాకుతుంది. ‘క్రీమ్ బ్లష్, ఇటుక ఎరుపు. నవ్వితే లేచే బుగ్గ కంటే రెండు వేళ్ళు పైన, చెవి వైపు తట్టండి.’ చామనఛాయ మీద లేత గులాబీ బ్లష్ సుద్దలా తేలుతుంది కాబట్టి ఇక్కడా షేడ్ చెప్పి తీరాలి.

60 నుంచి 68 పౌడర్. నుదురు, ముక్కు, గడ్డం, కంటికింద పలచగా. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ ఫ్లాష్ పడితే, కంటికింద దట్టంగా అద్దిన తెల్లటి ట్రాన్స్‌లూసెంట్ పౌడర్ వెలుతురును తిప్పికొట్టి తెల్లమచ్చలా వస్తుంది. అద్దంలో గానీ, కిటికీ వెలుతురులో తీసిన వీడియోలో గానీ అది కనబడదు. అర సెకను ఒక ఫ్లాష్ ఫోటో చూపించడం తప్ప దీన్ని చెప్పే మార్గం లేదు. 68 నుంచి 74 కాటుక, మస్కారా. కంటికింద పౌడర్ అయ్యాకే కాటుక దిద్దితే ఎక్కువసేపు పాకకుండా ఉంటుంది.

చివరి 16 సెకన్లలో పెదవులు, బొట్టు. బామ్ తుడిచేశాక ‘ఇటుక గోధుమ లైనర్, అంచు వెంబడి. తడి ఇటుక మెరూన్, మ్యాట్.’ మనలో చాలామందికి పై పెదవి కింది పెదవికంటే ముదురు. ఒకే లిప్‌స్టిక్ రెండు రంగుల్లో వస్తే స్పాంజికి మిగిలిన ఫౌండేషన్‌ను పై పెదవికి ఒకసారి తట్టి, ఆపైన వేయాలి. ఇది తెరమీది రాతకు వదిలేయవచ్చు. బొట్టుబిళ్ళ విషయం షార్టుల్లో ఎందుకో వదిలేస్తారు. ఫౌండేషన్ జిడ్డు మీద బిళ్ళ జిగురు పట్టదు, తలంబ్రాల వేళకు ఊడిపోతుంది. బిళ్ళ అంత మేర దూదితో తుడిచి, పౌడర్ రవ్వంత అద్ది దులిపి అప్పుడు అతికించాలి.

తెరమీది రాతకు రెండు హద్దులు. కిందిభాగంలో ఛానెల్ పేరు, శీర్షిక, కుడివైపు లైకు, కామెంటు బటన్లు వస్తాయి కాబట్టి అక్కడ రాసింది కనబడదు. రాత నుదుటికి పైన ఉంటే బుగ్గలూ కళ్ళూ కప్పబడవు. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి, ఇంగ్లిషు రాతకు సరిపోయే పంక్తి దూరం పెడితే ‘బ్లష్’లో లావత్తు కింది పంక్తితో కలిసిపోతుంది. ఒక్కసారికి నాలుగు మాటలే, ఒకే పంక్తిలో.

పెట్టేముందు పరీక్ష ఇలా చేయవచ్చు. ఫోన్‌ను బోర్లించి శబ్దం మాత్రమే వినిపించాలి, వినే మనిషి ఏ రంగు ఎక్కడ వేయాలో తిరిగి చెప్పగలగాలి. తరువాత శబ్దం కట్టేసి బొమ్మ మాత్రమే చూపించాలి. రెండింటిలోనూ ఒకేచోట తడబడితే ఆ మెట్టుకు సమయం చాలలేదని అర్థం. ఒకదానిలోనే తడబడితే మాటనో షాట్‌నో మార్చాలి. పెట్టాక యూట్యూబ్ స్టూడియోలో ఏ సెకనును ఎంతమంది చూశారో చూపే రిటెన్షన్ గీత ఒకచోట గుట్టలా లేస్తే జనం అక్కడికి తిరిగి వచ్చి చూశారనుకోవచ్చు. మెరుపు బాగుందని చూశారా, మాట అందక చూశారా అన్నది గీత చెప్పదు, కామెంట్లు చెబుతాయి. గుట్ట 26వ సెకను దగ్గర ఉండి, కింద ‘మూలలో వేసింది ఏ మెరూన్?’ అని ఉంటే, పై కథనంలో లోపం దొరికినట్టే. లిప్‌స్టిక్‌కు ఇటుకా నేరేడా అన్నది చెప్పాం, ఐషాడోకు ‘మెరూన్, మ్యాట్’ అని వదిలేశాం. తరువాతి షార్ట్‌లో ఆ వాక్యం ‘తడి ఇటుక మెరూన్, మ్యాట్. చెవి వైపు మూలలోనే’ అవుతుంది.